తాగిన డ్రైవరు కారెక్కిన ప్రయాణికుడు: ఇంగ్లీషు న్యాయ చరిత్రలో ఒక ప్రశ్న

డ్రైవరు తాగి ఉన్నాడని తెలిసే ఒక వ్యక్తి కారెక్కాడు. దారిలో ప్రమాదం జరిగి అతను గాయపడ్డాడు. అతను డ్రైవరు మీద నష్టపరిహారం కోసం దావా వేస్తే, 'తెలిసే ఎక్కావు కదా' అన్న జవాబు ఆ దావాను కొట్టివేయడానికి సరిపోతుందా? ఇంగ్లండు న్యాయస్థానాలు ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో ఇచ్చిన సమాధానాలను ఈ భాగంలో పరిశీలిద్దాం. డ్రైవరు నేరం, అతనికి పడే శిక్ష వేరే అంశం. ఇక్కడ మనం చూసేది ప్రయాణికుని పరిహారం గురించి మాత్రమే.

ప్రతివాది చేతిలోని రెండు ఆయుధాలు

ఇలాంటి దావాలో ప్రతివాది రెండు వాదనలు చేయవచ్చు. ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని ఒకటి కావు. ఈ తేడా అర్థమైతే మిగిలిన చరిత్ర అంతా సులభంగా అర్థమవుతుంది.

మొదటిది సమ్మతి వాదన. 'వోలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా' అనే లాటిన్ సూత్రం దీనికి ఆధారం. నష్టానికి తానే ఒప్పుకున్నవాడికి అన్యాయం జరిగినట్లు కాదని దాని భావం. ఈ వాదన నెగ్గితే దావా పూర్తిగా పోతుంది.

రెండవది వాది వంతు నిర్లక్ష్యం. న్యాయశాస్త్రంలో దీన్ని కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. ఇక్కడ వాది దేనికీ ఒప్పుకోనక్కరలేదు, తన క్షేమం తాను చూసుకోలేదని తేలితే చాలు. 1809 నాటి బటర్‌ఫీల్డ్ వర్సెస్ ఫారెస్టర్ కేసులో ప్రతివాది దారికి అడ్డంగా కర్ర పెట్టాడు. మునిమాపు వేళ గుర్రాన్ని వేగంగా దౌడు తీయించిన వాది దానికి తగిలి పడిపోయాడు. కర్ర పెట్టడం తప్పే అయినా, వాది జాగ్రత్తగా వస్తే అది కనిపించేదే కాబట్టి అతనికి ఏమీ రాలేదు. ఆ తరువాత నూరేళ్లకు పైగా ఇదే నియమం నడిచింది. వాది వంతు తప్పు ఎంత చిన్నదైనా పరిహారం సున్నా అయ్యేది.

1939: డాన్ వర్సెస్ హామిల్టన్

1937లో ఆరవ జార్జి పట్టాభిషేకం సందర్భంగా లండన్‌ను అలంకరించారు. ఒక యువతి తన తల్లితో కలిసి ఆ అలంకరణలు చూడడానికి తెలిసినవాని కారులో వెళ్లింది. ఆ సాయంత్రం అతను మద్యం సేవించాడు. తిరుగు ప్రయాణంలో అతను కారు నడిపే తీరు చూసి, అదే కారులో ఉన్న మరొక వ్యక్తి దిగిపోయాడు. దిగుతూ మీకు నాకంటే ధైర్యం ఎక్కువన్నట్లు మాట్లాడాడు. జరగాల్సింది ఉంటే జరుగుతుందన్న అర్థంలో ఆ యువతి బదులిచ్చింది. కొద్దిసేపటికే ప్రమాదం జరిగి డ్రైవరు చనిపోయాడు, ఆమె గాయపడింది. డ్రైవరు ఆస్తికి ప్రాతినిధ్యం వహిస్తున్న అతని భార్య మీద ఆమె దావా వేసింది.

ప్రతివాది పక్షం సమ్మతి వాదన ఎత్తుకుంది. యువతి మాటలు చూస్తే ఆ వాదన బలంగానే కనిపిస్తుంది. అయినా న్యాయమూర్తి ఆస్క్విత్ దాన్ని తిరస్కరించాడు. ప్రమాదం ఉందని తెలియడం ఒకటి, దాని ఫలితాన్ని భరిస్తానని ఒప్పుకోవడం మరొకటి. పైగా ఆమె కారెక్కే సమయానికి డ్రైవరు చేయబోయే తప్పు ఇంకా జరగలేదు. అజాగ్రత్తగా నడుపుతాడని పేరున్నవాని బండి ఎక్కినంత మాత్రాన, అతను రాబోయే కాలంలో చేసే ప్రతి తప్పునూ ముందే క్షమించినట్లు కాదు. మత్తు విపరీతంగా ఉంటే, అంటే కారెక్కడం పేలని బాంబును కదిలించడంతో సమానమైతే, అప్పుడు సమ్మతి వాదన వర్తించవచ్చని ఆయన అన్నాడు. ఈ కేసులో మత్తు ఆ స్థాయిలో లేదని నిర్ణయించాడు. యువతి గెలిచింది.

ఈ తీర్పును ప్రయాణికుల పక్షాన నిలిచిన తీర్పుగా చెప్పుకోవడం వాడుక. అయితే రెండవ ఆయుధం సంగతి ఏమైంది? 1939లో అది ఇంకా పూర్తి అడ్డంకే. అంత తాగినవాని బండి ఎక్కడం ఆమె వంతు నిర్లక్ష్యమని కోర్టు అంగీకరించి ఉంటే ఆమెకు ఒక్క పెన్నీ కూడా దక్కేది కాదు. కానీ ప్రతివాది పక్షం ఆ వాదనను తమ లిఖిత జవాబులో చేర్చలేదు. ఆ సంగతి తాను సూచించినా న్యాయవాది ముందుకు రాలేదని ఆస్క్విత్ 1953లో ఒక న్యాయ పత్రికలో స్వయంగా రాశాడు. కాబట్టి ఈ తీర్పు చదివేటప్పుడు న్యాయమూర్తి ఏమి నిర్ణయించాడన్నదే కాక, ఆయనను ఏమి అడగలేదన్నదీ చూడండి. పాత తీర్పులను అర్థం చేసుకోవడంలో విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే.

సున్నా నుంచి వాటాకు

1945లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం 1809 నాటి నియమాన్ని తొలగించింది. వాది తప్పు ఉన్నా దావా పోదు. నష్టానికి అతని బాధ్యత ఎంతో చూసి, న్యాయమని తోచినంత మేరకు పరిహారం తగ్గిస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రయాణికుడు స్టీరింగు పట్టుకోలేదు, ప్రమాదానికి కారణం అతను కాదు. అలాంటప్పుడు అతనికి వాటా ఎలా వేస్తారు? చట్టం మాట్లాడింది ప్రమాదం గురించి కాదు, నష్టం గురించి. 1975లో ఫ్రూమ్ వర్సెస్ బుచర్ కేసులో సీటు బెల్టు పెట్టుకోని వ్యక్తి విషయంలో అప్పీలు కోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. బెల్టు పెట్టుకోకపోవడం ప్రమాదాన్ని తేలేదు గాని గాయాన్ని తెచ్చింది. తాగినవాని బండి ఎక్కడమూ అలాంటిదే.

1977 నాటి ఓవెన్స్ వర్సెస్ బ్రిమ్మెల్ కేసులో ఈ ఆలోచన మన ప్రశ్నకు నేరుగా అన్వయమైంది. ఇద్దరు స్నేహితులు కలిసి ఒక సాయంత్రం పబ్బుల వెంట తిరిగి చెరి ఎనిమిది తొమ్మిది పైంట్ల బీరు తాగారు. ఇంటికి వస్తుండగా కారు దీపస్తంభాన్ని ఢీకొని ప్రయాణికుని మెదడు బాగా దెబ్బతింది. న్యాయమూర్తి టాస్కర్ వాట్కిన్స్ అతని పరిహారంలో 20 శాతం తగ్గించాడు. అంటే నష్టం విలువ 10,000 పౌండ్లని లెక్క కడితే అతనికి 8,000 వస్తాయి. నడిపినవాని తప్పు చాలా పెద్దది కాబట్టి కోత చిన్నదిగానే ఉంది.

ఆ ప్రయాణికుడు తానే మత్తులో ఉన్నాడు కదా, డ్రైవరు పరిస్థితి అతనికి ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. న్యాయమూర్తి దీన్ని ఊహించాడు. డ్రైవరు సామర్థ్యం తగ్గిందని తెలిసీ ఎక్కడం ఒక రకం తప్పు. తిరిగి అతని కారులోనే వెళ్లాలని తెలిసి, అతనితో పోటీగా తాగి, అపాయాన్ని గుర్తించే శక్తిని పోగొట్టుకోవడం రెండో రకం. 'నాకు తెలియలేదు' అన్న సమాధానం ఈ రెండో రకంలో ప్రయాణికుణ్ణి కాపాడదు. కానీ మధ్యదారిలో లిఫ్టు తీసుకుని, డ్రైవరు తాగిన ఆనవాళ్లేవీ గమనించలేని మనిషికి ఈ కోత వర్తించదు. ఆనవాళ్లు ఉన్నాయని రుజువు చేసే భారం కూడా ప్రతివాది మీదనే ఉంటుంది.

సమ్మతి వాదన ఎక్కడ మిగిలింది?

కార్లలో 'ప్రయాణికులు తమ బాధ్యతపై ఎక్కవలెను' అనే చీటీలు అంటించుకునే కాలం ఒకటి ఉండేది. ప్రయాణికులకు బీమా తప్పనిసరి అయ్యాక, 1972 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ఆ చీటీల విలువ తీసివేసింది. ప్రయాణికుడు ఇష్టపూర్వకంగా అపాయాన్ని అంగీకరించాడన్న కారణంతో డ్రైవరు బాధ్యత పోదని చెప్పింది. 1988 చట్టంలోని 149వ సెక్షన్ దాన్నే కొనసాగించింది. రోడ్డు మీద మొదటి ఆయుధం ఇలా మొద్దుబారింది.

కానీ ఆ సెక్షన్ రోడ్డు మీది మోటారు వాహనాలకే పరిమితం. 1990లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పిన మోరిస్ వర్సెస్ ముర్రే కేసులో ఇద్దరు గంటల తరబడి తాగారు. పైలటు సుమారు 17 విస్కీల మోతాదు తాగాడు. తరువాత ఇద్దరూ అతని చిన్న విమానంలో ఎగిరారు. ప్రయాణికుడే కారు నడిపి విమానాశ్రయానికి చేర్చాడు, విమానంలో ఇంధనం నింపడానికి సాయం చేశాడు. విమానం కూలి పైలటు మరణించాడు. ఆస్క్విత్ 1939లో పక్కన పెట్టిన ఆ పేలని బాంబు ఇక్కడ నిజంగా ఎదురైంది. గాయపడిన ప్రయాణికునికి కింది కోర్టు ఇచ్చిన పరిహారాన్ని అప్పీలు కోర్టు పూర్తిగా రద్దు చేసింది.