గడువు తీరిన మందులు: ఏవి ఫ్లష్ చేయాలి, ఏవి చేయకూడదు?

ఇంట్లో మందుల డబ్బా సర్దితే గడువు దాటిన స్ట్రిప్పులు, సగం వాడిన సిరప్‌లు ఎన్నో బయటపడతాయి. వాటిని చాలామంది చెత్తబుట్టలో వేస్తారు, లేదంటే టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేస్తారు. ఈ రెండింటిలోనూ ప్రమాదం ఉంది. అయితే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ (సీడీఎస్‌సీవో) 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 17 మందులను మాత్రం ఫ్లష్ చేయమనే చెప్పింది. మిగతావి వద్దని, ఇవి మాత్రం ఫ్లష్ చేయమని ఎందుకు అంటున్నారు? మీ డబ్బాలోని ఏ మందును ఏం చేయాలి?

ముందుగా గడువు చూడండి

స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ 06/2025 అని ఉంటే ఆ ఏడాది జూన్ 30 వరకు వాడవచ్చని అర్థం. ఈ తేదీ సాధారణంగా స్ట్రిప్పు ఒక అంచున మాత్రమే ఉంటుంది. అటువైపు నుంచే మాత్రలు కత్తిరిస్తూ పోతే, మిగిలిన ముక్క గడువు ఎప్పుడో తెలిసే దారి ఉండదు. కాబట్టి రెండో వైపు నుంచి కత్తిరించండి.

కొన్ని మందులకు మూత తీశాక వేరే గడువు మొదలవుతుంది. పిల్లలకు ఇచ్చే యాంటీబయాటిక్ పొడి సిరప్‌లో ఒకసారి నీళ్లు కలిపితే అది సాధారణంగా 7 నుంచి 14 రోజులే పనిచేస్తుంది. సీసా మీద వచ్చే ఏడాది తేదీ ఉన్నా సరే, ఆ తర్వాత పనికిరాదు. వాడటం మొదలుపెట్టిన ఇన్సులిన్ కూడా చాలా రకాల్లో దాదాపు 28 రోజులకే పరిమితం. కచ్చితమైన రోజుల సంఖ్య లేబుల్ మీదే ఉంటుంది.

ఫ్లష్ చేస్తే ఏమవుతుంది?

మురుగునీటి శుద్ధి కేంద్రాలను మలమూత్రాలు, వంటింటి వ్యర్థాల వంటి సేంద్రియ పదార్థాలను తొలగించడానికి కట్టారు. మందుల అణువులను పట్టుకోవడం వాటి పని కాదు. అందుకే కొన్ని మందులు శుద్ధి తర్వాత కూడా నీళ్లలో మిగిలి చెరువులు, నదుల్లోకి చేరతాయి. మురుగు శుద్ధి కాకుండా నేరుగా కలిసే చోట ఆ కొద్దిపాటి వడపోత కూడా ఉండదు.

ఈ నీళ్లలోని యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను పూర్తిగా చంపేంత మోతాదులో ఉండకపోవచ్చు. కానీ దాన్ని తట్టుకోగల బ్యాక్టీరియా బతికి, పెరగడానికి ఆ కొంచెమే చాలు. అలాంటి బ్యాక్టీరియాతో ఇన్‌ఫెక్షన్ వస్తే మామూలు మందులకు లొంగదు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని పరిశీలించగా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించినట్టు 2007లో పరిశోధకులు ప్రచురించారు. అది ఫ్యాక్టరీల నుంచి వచ్చింది, ఇళ్ల నుంచి కాదు. కానీ శుద్ధి దాటుకుని మందు ఎలా బయటికి వస్తుందో అది చూపించింది.

ఒక మాట నిజమే. ఇళ్ల మురుగులో కలిసే మందుల్లో ఎక్కువ భాగం మనం వేసుకున్నాక మూత్రంతో పోయేదే. దాన్ని ఆపలేం. ఫ్లష్ చేయడం ద్వారా చేరే భాగాన్ని మాత్రం ఆపగలం.

మరి ఆ 17 మందులు ఎందుకు?

ఆ జాబితాలో ఎక్కువగా ఉన్నవి ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్, టాపెంటాడాల్, బ్యూప్రెనార్ఫిన్ వంటి బలమైన నొప్పి నివారణ మందులు. డయాజెపామ్ కూడా ఉంది. ఇవి దుర్వినియోగం అయ్యేవి. వీటిలో కొన్ని వేరొకరు ఒక్క డోసు వేసుకున్నా ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. నీళ్లలో కలిస్తే నష్టమే, కానీ ఇంట్లో పసివాడి చేతికి చిక్కితే కలిగే నష్టం అంతకంటే పెద్దదని లెక్క. వెనక్కి తీసుకునే కేంద్రం దగ్గర్లో ఉంటే వీటిని కూడా అక్కడ ఇవ్వడమే మేలు. లేకపోతే దాచిపెట్టకుండా వెంటనే ఫ్లష్ చేయాలి.

చెత్తబుట్టలో వేస్తే?

చెత్తబుట్టలోని స్ట్రిప్పు పిల్లలకు, పెంపుడు కుక్కకు అందుతుంది. బయటికి వెళ్లాక చెత్త ఏరుకునేవారి చేతిలో పడుతుంది. చెక్కుచెదరని స్ట్రిప్పు అయితే ఎవరో ఒకరు మళ్లీ వాడే వీలుంది. ఇక డంపింగ్ యార్డులో వాన నీరు చెత్తలోంచి ఊరి, కరిగిన మందును భూగర్భ జలాల వైపు తీసుకుపోతుంది. తగలబెట్టడం ఇంకా చెడ్డది. చాలా స్ట్రిప్పులు పీవీసీ ప్లాస్టిక్‌తో చేసినవి కాబట్టి ఆ పొగ విషపూరితం.

ఒక డబ్బా, అయిదు వస్తువులు

ఒక ఇంట్లో ఇవి మిగిలాయనుకుందాం: ఆరు అమాక్సిసిలిన్ క్యాప్సూళ్లు, సగం దగ్గు సిరప్, ఇన్సులిన్ సూదులు, ఖాళీ అయిన ఇన్‌హేలర్, క్యాన్సర్ నొప్పికి పెద్దాయన వాడిన ఫెంటానిల్ ప్యాచ్‌లు.

ముందు ప్యాచ్‌ల సంగతి చూడండి. మూడు రోజులు ఒంటి మీద ఉంచి తీసిన ప్యాచ్‌లోనూ మందు గణనీయంగా మిగిలే ఉంటుంది. జిగురు ఉన్న వైపు లోపలికి వచ్చేలా రెండుగా మడిచి అంటించి, ఫ్లష్ చేసి, చేతులు కడుక్కోవాలి.

క్యాప్సూళ్లు, సిరప్ ఫ్లష్ చేయకూడదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే గడువు తీరిన మందులను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించాయి. అంటే తడి చెత్త, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. చెత్త బండి వాళ్లు విడిగా తీసుకుంటారా అని అడిగి, తీసుకుంటే వాటిని ప్యాకింగ్‌తోనే ఇవ్వండి.

తీసుకోకపోతే చివరి మార్గం ఇది. క్యాప్సూళ్లను స్ట్రిప్పు నుంచి తీసి, విప్పకుండా, నలపకుండా, వాడేసిన టీ పొడిలోనో మట్టిలోనో కలపండి. సిరప్ అయితే అది పూర్తిగా పీల్చుకునేంత మట్టి వేయండి. కవర్లో పెట్టి గట్టిగా మూసి చెత్తలో వేయండి. దీనివల్ల మందు మాయం కాదు, ఎవరూ తినకుండా మాత్రం ఉంటుంది. మాత్రలు నలిపితే ఆ పొడి మీరే పీల్చే ప్రమాదం ఉంది. క్యాన్సర్, హార్మోన్ మాత్రలైతే ఇలా చేయకుండా రాసిన ఆసుపత్రినే అడగండి.

సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూతకు టేపు చుట్టి, పైన ‘సూదులు’ అని రాసి విడిగా ఇవ్వండి. ఇన్‌హేలర్ ఖాళీ అనిపించినా లోపల ఒత్తిడి ఉంటుంది. దానికి రంధ్రం చేయవద్దు, మంటలో వేయవద్దు, విడిగా ఇవ్వండి.

మందుల షాపులో తీసుకుంటారా?

షాపులో అమ్ముడుపోక గడువు తీరిన సరుకును డిస్ట్రిబ్యూటర్ ద్వారా కంపెనీకి పంపే ఏర్పాటు ఉంది. అది షాపు కొన్న సరుకుకే, మీ ఇంట్లో మిగిలినవాటికి కాదు. వీటి కోసం ప్రత్యేక సేకరణ కావాలి. కేరళ ఔషధ నియంత్రణ విభాగం 2025లో ‘ఎన్‌ప్రౌడ్’ పేరుతో కోజికోడ్ నుంచి అలాంటిది మొదలుపెట్టింది. రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగాలు, మందుల వ్యాపారుల సంఘాలు కలిసి ఇటువంటి సేకరణ చేపట్టాలని సీడీఎస్‌సీవో కూడా సూచించింది. మీ ఊళ్లో ఉందో లేదో ఔషధ నియంత్రణ కార్యాలయంలో లేదా పెద్ద ఆసుపత్రి ఫార్మసీలో అడగండి.

ఎవరైనా పొరపాటున ఈ మందులు మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. స్ట్రిప్పు చేత పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఏ మందు, ఎన్ని మాత్రలు అనేదే వాళ్లు ముందుగా అడుగుతారు.