తళ్లికోట యుద్ధం ఏ వారం జరిగింది?

తళ్లికోట యుద్ధం, అదే మన రాక్షసి తంగడి యుద్ధం ఎప్పుడు జరిగిందంటే, గ్రూప్స్‌కి చదివేవాళ్లు టక్కున 1565 జనవరి 23 అంటారు. కొన్నిచోట్ల జనవరి 26 అని కూడా కనిపిస్తుంది. అళియ రామరాయలు చనిపోయిన రోజుకి రెండు తేదీలేంటి? ఈ ఎపిసోడ్‌లో ఆ లెక్క మనమే చేసి చూద్దాం.

ఈ యుద్ధం గురించి వివరంగా రాసినవాళ్లలో ఫిరిష్తా ఒకరు. బిజాపూర్ ఆస్థానంలో ఉండి, యుద్ధం అయిన సుమారు నలభై ఏళ్లకి పర్షియన్‌లో చరిత్ర రాశాడు. అందులో జనవరి అనే మాటే ఉండదు. ఉన్నది హిజ్రీ 972, జమాదుస్సానీ నెల, 20వ తేదీ.

ముందు ఈ హిజ్రీ ఎక్కడిదో చూద్దాం. అరబ్బులకి నెలల పేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, కానీ సంవత్సరాలకి వరస నంబర్ లేదు. ఖలీఫా ఉమర్ కాలంలో ఒక కాగితం మీద "షాబాన్ నెల" అని ఉంటే, ఏ సంవత్సరం షాబాన్ అని గొడవ వచ్చిందని సంప్రదాయంగా చెప్తారు. దాంతో ప్రవక్త మక్కా నుంచి మదీనాకి వెళ్లిన సంవత్సరాన్ని ఒకటిగా పెట్టి లెక్క మొదలుపెట్టారు. మొదటి సంవత్సరం మొదటి రోజు 622 జూలై 16.

మన పంచాంగం కూడా చంద్రుడిదే కదా, మరి తేడా ఏంటి? పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే. అంటే ఏడాదికి 11 రోజులు తగ్గుతాయి. మనం మూడేళ్లకోసారి లాగా అధికమాసం వేసి సర్దుకుంటాం. హిజ్రీలో అధికమాసం నిషిద్ధం. అందుకే రంజాన్ ఎండాకాలం నుంచి చలికాలానికి జరుగుతూ పోతుంది. నెలల పేర్లలో మాత్రం పాత రుతువులు అలాగే మిగిలిపోయాయి. రబీ అంటే వసంతం, రంజాన్ అనే మాట మూలంలో మండే వేడి ఉంది. జమాదీ అన్న మాటకి గడ్డకట్టడం, ఎండిపోవడం అనే అర్థాలు చెప్తారు. కాబట్టి నెల పేరు చూసి రుతువు ఊహిస్తే పప్పులో కాలేసినట్టే.

ఇప్పుడు లెక్క. హిజ్రీ 972 మొదలయ్యేసరికి 971 ఏళ్లు పూర్తయ్యాయి. ఏడాదికి 354 చొప్పున 3,43,734 రోజులు. ముప్ఫై ఏళ్లలో 11 సార్లు ఒక రోజు ఎక్కువ వేస్తారు, అవి 356. మొత్తం 3,44,090 రోజులు. 622 జూలై 16 నుంచి అన్ని రోజులు ముందుకెళ్తే 1564 ఆగస్టు 9 వస్తుంది. అది 972 ముహర్రం 1. జమాదుస్సానీ ఆరో నెల. దానికి ముందున్న ఐదు నెలలు 30, 29, 30, 29, 30, అంటే 148 రోజులు. దానికి 20 కలిపితే ఆ ఏడాదిలో 168వ రోజు. ఆగస్టు 9ని ఒకటిగా లెక్కపెడుతూ వెళ్తే 168వ రోజు 1565 జనవరి 23. మంగళవారం.

చిక్కు ఇక్కడే ఉంది. బ్రిగ్స్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో తేదీతో పాటు "శుక్రవారం" అని ఉంది. విజయనగరం మీద 1900లో పుస్తకం రాసిన రాబర్ట్ స్యూయల్ ఇది పట్టుకున్నాడు. వారం అనేది చెక్‌సమ్ లాంటిది. ఏ క్యాలెండర్ మారినా వారం వరస తెగదు, కాబట్టి తేదీ సరిగ్గా ఉందో లేదో అది చెప్పేస్తుంది.

నెలవంక కనబడిన రోజు బట్టి ఒక రోజు అటూ ఇటూ అవ్వొచ్చు, అది మామూలే. కానీ మంగళవారం నుంచి శుక్రవారానికి మూడు రోజులు. ఆ నెల అమావాస్య జనవరి 2 ప్రాంతంలో వచ్చింది. 20వ తేదీ శుక్రవారం, జనవరి 26 అవ్వాలంటే నెల జనవరి 7న మొదలవ్వాలి. అంటే అమావాస్య అయ్యాక నాలుగైదు రోజుల దాకా చంద్రుడు ఎవరికీ కనబడకూడదు. ముందు శుక్రవారం జనవరి 19 అనుకుంటే, అమావాస్య రాకముందే నెలవంక కనబడాలి. రెండూ కుదరవు. కాబట్టి 20 అన్నా తప్పు, శుక్రవారం అన్నా తప్పు. రెండూ కలిసి నిజం కాలేవు. ఎక్కువమంది తేదీనే ఉంచి వారాన్ని వదిలేశారు, అందుకే 23. నెల, సంవత్సరం విషయంలో మాత్రం అనుమానం లేదు.

ఇంకో జాగ్రత్త. దీన్ని పైథాన్‌లో చెక్ చేద్దామనుకుంటే ఇలా వస్తుంది.

```
>>> import datetime
>>> datetime.date(1565,1,23).weekday()
5
```

5 అంటే శనివారం! పైథాన్ ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్‌నే వెనక్కి లాగుతుంది. అది మొదలైంది 1582లో. మనం చెప్పుకునే జనవరి 23 అంతకుముందున్న జూలియన్ క్యాలెండర్‌ది. ఇప్పటి క్యాలెండర్ ప్రకారం అదే రోజు ఫిబ్రవరి 2. అది వేసి చూడండి, 1 వస్తుంది, అంటే మంగళవారం.

కాబట్టి పాత తేదీ ఎక్కడైనా కనబడితే రెండు అడగండి: ఇది ఏ క్యాలెండర్‌లో ఉంది, పక్కన వారం రాశారా? వారం ఉంటే ముందు దాన్నే సరిచూడండి.