తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తుల శారీరక పరీక్షల ఆడిట్

తీవ్ర మానసిక వ్యాధి (స్కిజోఫ్రీనియా, బైపోలార్ వ్యాధి వంటివి) ఉన్నవారికి జరగవలసిన శారీరక పరీక్షలు జరుగుతున్నాయో లేదో ప్రమాణంతో పోల్చి, లోపాన్ని సరిదిద్ది, తిరిగి కొలిచే పద్ధతిని ఆడిట్ చక్రం అంటారు. ఇంగ్లాండులో వీరికి ఏటా చేసే ముఖ్య పరీక్షలు ఆరు: బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర, రక్తంలో కొవ్వు, పొగతాగే అలవాటు, మద్యపానం.

== ప్రమాణం ==
ఆడిట్‌కు ముందే ప్రమాణాన్ని నిర్ణయిస్తారు. ఉదాహరణకు, "గత 12 నెలలలో ఆరు పరీక్షలూ పూర్తయినవారు 90%" అన్నది ఒక ప్రమాణం.

== ఉదాహరణ ==
ఒక క్లినిక్‌లో 50 మంది రోగులు ఉన్నారనుకుందాం. మొదటి ఆడిట్‌లో 20 మందికే (40%) ఆరూ పూర్తయ్యాయి. రక్తపరీక్షకు మరొక రోజు రమ్మనడమే ప్రధాన కారణమని తేలింది. అందువలన అదే రోజు రక్తం తీసే ఏర్పాటు చేశారు.

== పునరాడిట్ సమయం ==
మూడు నెలలకే తిరిగి కొలిస్తే, 12 నెలల లెక్కలో 9 నెలలు మార్పుకు ముందువే. ఆ మూడు నెలలలో పరీక్ష గడువు వచ్చిన 12 మందిలో 9 మందికి (75%) ఆరూ పూర్తయినా, మిగిలిన 38 మందిలో పూర్తయినవారు 15 మందే అయితే మొత్తం 24 (48%) మాత్రమే. మార్పు ఫలించలేదని పొరబడే అవకాశం ఉంది. కనుక మూడు నెలలకు గడువు వచ్చినవారిని మాత్రమే చూసి, పూర్తి పునరాడిట్‌ను మార్పు జరిగిన 12 నెలల తరువాత చేయడం సముచితం.

== పరిమితి ==
పరీక్ష జరిగినంత మాత్రాన చికిత్స అందినట్లు కాదు. అధిక రక్తపోటు నమోదైనవారికి తదుపరి చర్య జరిగిందా అన్నది విడిగా కొలవాలి.