2018లో ఆగిపోయిన లైసెన్స్

హైవే మీద బారికేడ్లు కనిపిస్తాయి. కానిస్టేబుల్ చెయ్యి ఎత్తుతాడు. మీరు కారు ఎడమ పక్కకి తీసి ఆపుతారు. అద్దం దించగానే వేడిగాలి ముఖానికి కొడుతుంది. పక్క సీట్లో మీ అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తి చూస్తుంది.

"లైసెన్స్ చూపించండి సార్."

మీకు భయమేం లేదు. బెల్టు పెట్టుకున్నారు. కారు మీ పేరు మీదే ఉంది, ఇన్సూరెన్స్ కూడా కట్టారు. పర్సులోంచి పాత లైసెన్స్ తీసి ఇస్తారు. 1998 జూన్‌లో, మీకు ఇరవై నాలుగేళ్లప్పుడు తీసుకున్నది. ఫొటోలో జుట్టు ఒత్తుగా ఉంది. ఎస్సై ఆ ఫొటో చూడటం లేదు. కింద ఒక లైను దగ్గర బొటనవేలు పెట్టి మీ వైపు తిప్పుతాడు.

14-06-2018.

ఇప్పుడు 2025 అక్టోబర్.

"ఇది అయిపోయి ఏడేళ్లు దాటింది సార్. ఇది లేనట్టే లెక్క."

చలానా 5,000 రూపాయలు. లైసెన్స్ లేకుండా బండి నడిపినవాడికి ఎంతో, మీకూ అంతే. చట్టం దృష్టిలో గడువు తీరిన లైసెన్సుకీ అసలు లేని లైసెన్సుకీ రోడ్డు మీద తేడా లేదు. ఎస్సై ఇంకో మాట అంటాడు: "ఇక్కణ్నుంచి మీరు నడపకూడదు. పాపకి లైసెన్స్ ఉందా?"

ఉంది. మీరు దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుంటారు. అమ్మాయి సీటు ముందుకు జరుపుకుని స్టార్ట్ చేస్తుంది.

ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనిపిస్తుంది. నిజమే, ఏమీ కాలేదు. కానీ ఈ ఏడేళ్లలో ఎప్పుడైనా ఎవరికైనా తగిలి ఉంటే? మీ కారు మరమ్మతు డబ్బు ఇవ్వనని ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పేది. దెబ్బ తగిలినవాళ్లకి పరిహారం ముందు కంపెనీ చేతే కట్టించినా, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పగలదు. ప్రీమియం ఏటా కట్టినా సరే. లక్షల్లో తేలే లెక్క అది. సీట్లో మీ వీపు చెమటతో తడుస్తుంది.

ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. sarathi.parivahan.gov.in తెరిచి, ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడతారు. వివరాలు దొరకలేదు అంటుంది. మళ్లీ కొడతారు. మళ్లీ అదే.

మీ లైసెన్స్ నకిలీది కాదు. 1998లో రికార్డు అంతా చేతిరాత రిజిస్టర్లలో ఉండేది. వాటిలో కంప్యూటర్‌కి ఎక్కనివి ఇప్పటికీ ఉన్నాయి. అలాంటిదాన్ని ముందు ఎక్కించాలి. బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది చేయాల్సింది మీకు మొదట లైసెన్స్ ఇచ్చిన ఆర్టీవో ఆఫీసే.

మర్నాడు పొద్దున్నే అక్కడ ఉంటారు. గుమస్తా మీ లైసెన్స్ నంబరు చూసి, లోపలికి వెళ్లి, అట్ట ఊడిన పెద్ద రిజిస్టర్ ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాడు. పేజీలు పసుపు తిరిగాయి. వేలితో వరుసలు దిగుతూ ఒక చోట ఆగుతాడు. మీ పేరు, మీ నాన్నగారి పేరు, నీలి సిరాతో. "దొరికారు సార్." మీరు ఊపిరి వదులుతారు. వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి.

ఇక ఫీజు లెక్క. గుమస్తా కాగితం మీద వేసి చూపిస్తాడు. గడువు 2018 జూన్ 14న తీరింది. అప్పటి చట్టం ప్రకారం 30 రోజుల వెసులుబాటు ఉండేది. జూలై 14తో అదీ అయిపోయింది. అక్కణ్నుంచి ఆలస్యమైన ప్రతి ఏడాదికీ వెయ్యి రూపాయలు. ఏడాదిలో ఒక్క రోజు గడిచినా పూర్తి ఏడాదిగానే లెక్క. మీకు ఏడేళ్ల మూడు నెలలు. అంటే ఎనిమిది వేలు. ఆలస్యంగా వచ్చిన రెన్యువల్ దరఖాస్తుకి 300. ఎల్‌ఎల్‌ఆర్, డ్రైవింగ్ టెస్టు, కార్డు ఫీజులు కలిపితే ఇంకో వెయ్యి పైచిలుకు.

"ఎల్‌ఎల్‌ఆర్ ఎందుకండీ? ఇరవై ఏడేళ్లుగా నడుపుతున్నాను."

"ఏడాది దాటితే టెస్టు పెట్టకుండా రెన్యువల్ చేయకూడదు సార్. టెస్టుకి రావాలంటే చేతిలో ఎల్‌ఎల్‌ఆర్ ఉండి 30 రోజులు గడవాలి."

ఇదివరకు ఈ గడువు అయిదేళ్లు. 2019 సెప్టెంబర్ 1న మోటారు వాహనాల చట్టం సవరణ అమల్లోకి వచ్చాక అది ఏడాదికి దిగింది, 30 రోజుల వెసులుబాటు కూడా పోయింది. మీది ఏడేళ్లు. పాత లెక్కలో చూసినా, కొత్త లెక్కలో చూసినా మీరు గీత దాటేశారు.

బయటికి వస్తారు. జిరాక్స్ షాపు దగ్గర ఒకతను మీ చేతిలో కాగితం చూసి దగ్గరికి వస్తాడు.

"ఎనిమిది వేలు దండగ సార్. పాత లైసెన్స్ ఉందని చెప్పకండి. కొత్తవాడిలాగా అప్లై చేద్దాం. ట్రాక్ కూడా నేను చూసుకుంటా."

మీరు ఆగుతారు. ఎనిమిది వేలంటే మాటలా? అతను ఫోన్ నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. తేల్చుకోవాల్సింది మీరే.

ఒక్క క్షణం ఆలోచించండి. మీ వివరాలు ఇందాకే కంప్యూటర్‌లోకి ఎక్కాయి. వాటిని దాచి తీసుకున్న లైసెన్స్ అబద్ధం మీద నిలబడ్డ లైసెన్స్. తప్పుడు వివరాలతో తీసుకున్నదని తేలితే రద్దు చేసే అధికారం ఆఫీసుకి ఉంది. అది తేలేది మామూలు రోజున కాదు. యాక్సిడెంట్ అయ్యాక, ఇన్సూరెన్స్ కంపెనీ పాత రికార్డులు తవ్వినప్పుడు. మీరు వద్దని తల ఊపి ముందుకి నడుస్తారు.

నలభై దాటినవాళ్లకి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఫారం 1ఎ. డాక్టర్ మిమ్మల్ని వరండాలో నిలబెట్టి దూరంగా ఆగి ఉన్న కారు చూపిస్తాడు. పాతిక మీటర్ల దూరంలో నంబరు ప్లేటు చదవగలగాలి. కళ్లజోడు లేకుండా అంకెలు అలుక్కుపోతాయి. జోడు పెట్టుకుంటే స్పష్టంగా ఉన్నాయి. అయితే ఇక నడిపినప్పుడల్లా జోడు ఉండాల్సిందే.

ఎల్‌ఎల్‌ఆర్ టెస్టు తెర మీద. తెలుగులోనే ప్రశ్నలు. గుర్తులు చూపించి అర్థం అడుగుతుంది. నూటికి అరవై వస్తే పాస్. ఆగడానికీ నిలపడానికీ తేడా చెప్పే రెండు గుర్తుల దగ్గర మీ వేలు తెర మీద తడబడుతుంది. రోజూ చూసే గుర్తులే, ఎప్పుడూ చదవలేదు. అయినా గట్టెక్కుతారు.

ఆ 30 రోజులూ మీరు లెర్నరే. కారు ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్రటి ఎల్. పక్కన లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చోవాలి. మీ అమ్మాయి కూర్చుంటుంది. మొదటి రోజే పట్టేస్తుంది.

"నాన్నా, అద్దం చూడకుండా పక్కకి తీశావు."

"వెనక ఎవరూ లేరమ్మా."

"చూడకుండా ఎలా తెలిసింది?"

జవాబు లేదు. ఇంకో రోజు క్లచ్ మీద కాలు ఆనించే నడుపుతున్నారని చూపిస్తుంది. వాలు దగ్గర హ్యాండ్ బ్రేక్ ముట్టుకోరని కూడా. ఇరవై ఏడేళ్లలో చేరిన అలవాట్లు. టెస్టులో చూసేవి సరిగ్గా ఇవే.

టెస్టు రోజు. బండి మీరే తెచ్చుకోవాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చూస్తారు. మీ లైసెన్స్ మోటార్ సైకిల్‌కీ కారుకీ కలిపి, కాబట్టి ముందు మోటార్ సైకిల్. ఎనిమిది అంకె మీద తిరగాలి, కాలు నేల మీద పెట్టకూడదు. నెమ్మదిగా తిప్పుతారు. అయిపోయింది.

ఇప్పుడు కారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చేతిలో ప్యాడ్. బెల్టు పెట్టుకుంటారు. అద్దం సర్దుతారు. గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసి స్టార్ట్ చేస్తారు. హెచ్ ఆకారపు ట్రాక్‌లో ముందుకి, మళ్లీ రివర్స్‌లో. గుంజలకి తగలకుండా బయటపడతారు.

ఎదురుగా ఎత్తు.

సగం ఎక్కి ఆపాలి. ఆపుతారు. కాలు బ్రేకు మీద. ముందు అద్దంలో ఆకాశమే కనిపిస్తోంది. మళ్లీ కదలాలి. వెనక్కి జారకూడదు. హ్యాండ్ బ్రేక్ వెయ్యాలి. అమ్మాయి చెప్పింది. చెయ్యి పోదు. అలవాటు కాలునే నమ్ముతుంది. బ్రేకు వదిలారు. యాక్సిలేటర్ వెతికారు. క్లచ్ ఇంకా పట్టలేదు.

కారు జారింది.

అడుగు. రెండు అడుగులు.

ఇంజన్ ఆగింది.

ఇన్‌స్పెక్టర్ ప్యాడ్ మీద ఏదో రాస్తాడు. "వెనక లారీ ఉంటే ఏమయ్యేది సార్? వారం తర్వాత రండి."

ఫెయిలైతే ఏడు రోజులు ఆగి మళ్లీ రావచ్చు. మూడుసార్లు పోతే మాత్రం 60 రోజులు ఆగాలి. ఈ వారం మీరు చేసేది ఒక్కటే. సాయంత్రాలు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివర వంతెన ఎత్తు మీద ఆపడం. హ్యాండ్ బ్రేక్ వెయ్యడం. క్లచ్ నెమ్మదిగా వదులుతూ, బండి ముందుకి లాగడం మొదలెట్టాకే హ్యాండ్ బ్రేక్ దించడం. అలా చేస్తే కారు అంగుళం కూడా జారదు.

వారం తర్వాత అదే ట్రాక్, అదే ఎత్తు. చెయ్యి దానంతట అదే హ్యాండ్ బ్రేక్ మీదకి వెళ్తుంది. కారు పైకి ఎక్కుతుంది. ఇన్‌స్పెక్టర్ తల ఊపుతాడు.

కొత్త కార్డు వచ్చాక ముందు తేదీలు చూస్తారు. మీకిప్పుడు యాభై ఒకటి. యాభై దాటి యాభై అయిదు లోపు ఉన్నవాళ్లకి అరవై నిండేదాకా ఇస్తారు. కాబట్టి మీకు 2034 దాకా ఉంది. అయితే అది మొదలయ్యేది రెన్యువల్ చేసిన రోజు నుంచే. 2018 నుంచి కాదు. ఎనిమిది వేలు కట్టినా, టెస్టు మళ్లీ పాసైనా, మధ్యలో నడిపిన ఏడేళ్లూ లైసెన్స్ లేకుండా నడిపిన ఏడేళ్లే.

అందుకే ఈ పేజీ తిప్పే ముందు మీ లైసెన్స్ తీసి తేదీ చూడండి. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువు దాటి ఏడాది కాకపోతే టెస్టు లేకుండా బయటపడొచ్చు. దాటిన ఏ రోజైనా బండి మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వండి.