ఇద్దరు పండితులు, రెండు ఏకాదశులు: సామాన్యుని కర్తవ్యమేమి?

తిరుపతి పరిసరములలో ఏటా కొన్ని పక్షములయందు ఒక సందేహము తలెత్తుచుండును. ఒక పండితుడు ఏకాదశ్యుపవాసము నేడనును, మరొకరు రేపనును. ఇరువురును శాస్త్రజ్ఞులే. తిరుమలలో వైఖానసము, తిరుచానూరులో పాంచరాత్రము, శ్రీకాళహస్తిలో శైవాగమము నెలకొనియున్న ఈ సీమలో స్మార్తులు, శ్రీవైష్ణవులు, మాధ్వులు ఒకే వీధిలో నివసింతురు. కావున ఇచట ఈ ప్రశ్న ప్రతి గృహమునకు వచ్చునదే.

ప్రశ్న: శాస్త్రమొక్కటియే కదా, నిర్ణయములు రెండెట్లు కలిగినవి?

సమాధానము: భేదము తిథిలో లేదు, వేధను గ్రహించు విధములో కలదు. సూర్యోదయమునకు నాలుగు ఘడియల ముందునుండి, అనగా 96 నిమిషముల ముందునుండి, అరుణోదయ కాలము. ఒకనాడు సూర్యోదయము 6:00 గంటలకు అయినచో అరుణోదయము 4:24కు ఆరంభమగును. దశమి 4:50 వరకు ఉన్నదనుకొందము. సూర్యోదయమునకు శుద్ధమైన ఏకాదశి ఉన్నది గనుక స్మార్తులు ఆనాడే ఉపవసింతురు. అరుణోదయమును దశమి స్పృశించినది గనుక వైష్ణవులు మరునాడు ద్వాదశియందు ఉపవసింతురు. దశమి 4:10కే ముగిసినచో, వేరొక విశేషము లేనప్పుడు, ఇరువురికిని ఒకే దినము.

ప్రశ్న: ఇది ఇటీవలి వివాదమా?

సమాధానము: కాదు. 13వ శతాబ్దిలో హేమాద్రి, 14వ శతాబ్దిలో విజయనగర కాలమున కాలనిర్ణయమును రచించిన మాధవాచార్యులు, 1612లో నిర్ణయసింధువును ముగించిన కమలాకర భట్టు, 1790లో ధర్మసింధువును కూర్చిన కాశీనాథోపాధ్యాయులు, అందరును ఏకాదశిని సుదీర్ఘముగా విచారించిరి. ధర్మసింధువు స్మార్తులకొక దినమును, వైష్ణవులకొక దినమును వేర్వేరుగా విధించినది. అనగా అధికారి భేదమును బట్టి రెండును శాస్త్రీయములే. ఇట్టి చోట "ఎవరు సరి?" అని అడుగుట కాదు, "మా సంప్రదాయమేది?" అని అడుగవలెను.

ప్రశ్న: ఇరువురును స్మార్తులే అయినను వేర్వేరు దినములు చెప్పినచో?

సమాధానము: అప్పుడు పంచాంగములను పోల్చవలెను. పూర్వసిద్ధాంత గణితమునకును దృగ్గణితమునకును తిథ్యంతములో ఒక్కొక్కప్పుడు గంటల తేడా వచ్చును. సూర్యోదయము 6:00 అయిన దినమున, ఒక పంచాంగములో దశమి 5:40కు, మరొకదానిలో 6:10కి ముగిసినచో, మొదటిదాని ప్రకారము ఆనాడు సూర్యోదయమునకు ఏకాదశి, రెండవదాని ప్రకారము దశమి. ధర్మశాస్త్రములో ఇరువురికిని ఏకాభిప్రాయమే, గణితములో మాత్రమే భేదము. 19వ శతాబ్దిలో మదరాసు ఖగోళ వేధశాలయందు పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు దృగ్గణిత పంచాంగమును ప్రకటించినప్పటినుండి ఈ చర్చ దక్షిణదేశమున సాగుచున్నది. గ్రహణకాలము కంటికి కనబడునది గనుక దృక్పక్షము వారు దానిని ప్రమాణముగా చూపుదురు. వ్రతములకు పూర్వులు అనుసరించిన గణితమే గ్రాహ్యమని రెండవ పక్షము. సామాన్యుడు ఈ వాదమును తీర్చనక్కరలేదు. తన గృహమున అనుసరించు పంచాంగమొక్కటినే సంవత్సరమంతయు అనుసరించవలెను.

ప్రశ్న: ఇంత విచారించు శక్తి లేనివాడు ఎవరిని ఆశ్రయించవలెను?

సమాధానము: తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లియందు స్నాతకునకు గురువు చేయు అనుశాసనములో దీనికి సమాధానమున్నది. కర్మవిషయమునగాని నడవడి విషయమునగాని సంశయము కలిగినచో, విచారసమర్థులు, క్రూరత్వము లేనివారు, ధర్మమునే కోరువారు అయిన పెద్దలు ఎట్లు వర్తింతురో అట్లు వర్తించుమని దాని భావము. కావున ఆశ్రయింపదగినవాడు కేవలము గ్రంథము చదివినవాడు కాదు. రెండవ పండితుని నిందింపక, ఆయన నిర్ణయమునకు ఆధారమేమో కూడ చెప్పగలవాడు.

ప్రశ్న: సంప్రదాయము తెలియదు, సంశయమును తీరలేదు. అప్పుడు?

సమాధానము: నిబంధకారులు ఉదాహరించిన ఒక వచనమున్నది. బహు వాక్యములు విరోధించి, బ్రాహ్మణులే వివదించుచున్నప్పుడు, ద్వాదశియందు ఉపవసించి త్రయోదశియందు పారణ చేయుమని దాని తాత్పర్యము. ఇది సంశయగ్రస్తునకు చెప్పినది. తన ఆచారము స్పష్టముగా తెలిసినవాడు దానిని విడుచుటకు ఇది ఆధారము కాదు.

ప్రశ్న: ఒకరి మాట విని చేసితిమి, మరొకరు తప్పనుచున్నారు. వ్రతము వ్యర్థమా?

సమాధానము: అగ్నిహోత్రమును సూర్యోదయానంతరము చేయుటయు, సూర్యోదయమునకు పూర్వమే చేయుటయు వేదవిహితములే, ఒకదానిని నిందించు వాక్యములును కలవు. ఇది వేదమున పరస్పర విరోధము కాదా అను ఆక్షేపమునకు న్యాయసూత్రకారుడు సమాధానమొసగెను: ఒక కాలమును అంగీకరించి, పిదప దానిని మార్చినవానికే ఆ దోషము. ఏకాదశికిని ఇదియే దారి. గురువాక్యము ప్రకారము సంకల్పించి చేసినది వ్యర్థము కాదు. ఈ మాసము ఆకలికి అనుకూలమని ఒకరి నిర్ణయమును, వచ్చే మాసము ప్రయాణమునకు అనుకూలమని మరొకరి నిర్ణయమును పట్టుకొనువాడు మాత్రము ఇద్దరు పండితులలో ఎవరిని అనుసరించినట్లును కాదు, తన ఇచ్ఛనే అనుసరించినట్లు.