రాయని హక్కులు: అర్ధరాత్రి తలుపు తట్టిన పోలీసు నుంచి మన పాస్‌పోర్టు దాకా

భారత రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల్లో ఎంత వెతికినా గోప్యత హక్కు అనే మాట కనిపించదు. విదేశానికి వెళ్లే హక్కు అనే మాటా లేదు. అయినా ఈ రోజు ఈ రెండూ మనకు హక్కులే. రాయనివి హక్కులెలా అయ్యాయో తెలియాలంటే ఖడక్ సింగ్ కేసు చూడాలి.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖడక్ సింగ్‌ను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు ఆయన పేరుతో హిస్టరీ షీటు తెరిచారు. ఇక ఇంటి మీద నిఘా మొదలైంది. రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టి నిద్ర లేపేవారు. ఊరు వెళ్తే ఎక్కడికని ఆరా తీసేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ తీసెయ్యకూడదని 21వ అధికరణం చెబుతుంది. ఇక్కడ పోలీసుల దగ్గర ఉన్నవి శాఖాపరమైన నియమాలే, చట్టం కాదు. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీల్లో నలుగురు రాత్రిపూట ఇంటికి రావడాన్ని మాత్రం కొట్టేశారు. గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. చేతికి సంకెళ్లు లేకపోయినా, ఎప్పుడూ ఎవరో చూస్తున్నారన్న భయంతో బతికేవాడికి స్వేచ్ఛ ఉన్నట్టు కాదని, గోప్యత పేరు రాయకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది ముఖ్యమైన భాగమేనని సుబ్బారావు వాదన.

అప్పటికి ఆ మాట నెగ్గలేదు. 1967 ఏప్రిల్‌లో, ఆయన ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, పాస్‌పోర్టు కేసు వచ్చింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యమన్నారు. పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం తమ ఇష్టమని ప్రభుత్వం వాదించింది. అప్పటికి దాని మీద చట్టమే లేదు. వ్యక్తిగత స్వేచ్ఛలో విదేశీ ప్రయాణం కూడా ఉందని, చట్టం లేకుండా దాన్ని ఆపకూడదని ముగ్గురు జడ్జీలు తీర్పిచ్చారు, ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. మన చేతిలోని పాస్‌పోర్టు ఆ చట్టం కిందిదే.

గోప్యతకు మాత్రం ఇంకా యాభై ఏళ్లు పట్టింది. ఆధార్ మీద వచ్చిన పుట్టస్వామి కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఖడక్ సింగ్ తీర్పులో గోప్యతను కాదన్న భాగం చెల్లదని తేల్చారు.

అంటే కోర్టు కొత్త హక్కును గాల్లోంచి తేలేదు. 'స్వేచ్ఛ' అని రాసిన మాటలో ఏమేం ఇమిడి ఉన్నాయో విప్పి చూసింది. దీనికి హద్దులూ ఉన్నాయి. చట్టం ఉండి, సరైన కారణం ఉండి, అవసరానికి మించకుండా ఉంటే ప్రభుత్వం ఈ హక్కును పరిమితం చేయవచ్చు. ఇంకో సంగతి: ఈ తీర్పులు భారత ప్రభుత్వాన్ని కట్టేస్తాయి గానీ, ఇక్కడి యజమానిని కాదు. మన గదిలోనో ఫోన్‌లోనో ఎవరైనా చెయ్యి పెడితే ఇక్కడి చట్టమే అడగాలి.