మార్క్వెజ్ ఎవరి ఇంటిపేరు?

మొన్న మా అమ్మాయి లైబ్రరీ నుంచి విసుక్కుంటూ వచ్చింది. "హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్" కోసం రచయితల పేర్ల వరసలో మార్క్వెజ్ అని వెతికితే ఎక్కడా కనిపించలేదట. చివరికి అక్కడ పనిచేసే ఆవిడ వచ్చి, గార్సియా అన్న పేరు దగ్గర నుంచి తీసి ఇచ్చిందట. "ఆయన ఇంటిపేరు మార్క్వెజ్ కదమ్మా, అక్కడ ఎందుకు పెట్టారు?" అని అడిగింది.

నేను బి.ఏ. తెలుగు చదివే రోజుల నుంచీ ఆయన్ని మార్క్వెజ్ అనే అంటున్నాను. మన తెలుగు రచయితలూ అలాగే అంటారు. కానీ లైబ్రరీ వాళ్ళదే సరైన పద్ధతి. గబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ అన్న పేరులో గబ్రియేల్ ఒక్కటే ఆయనకి పెట్టిన పేరు. గార్సియా నాన్నగారి ఇంటిపేరు, మార్క్వెజ్ అమ్మ పుట్టింటి పేరు. అంటే మనం ఇన్నాళ్ళూ ఆయన్ని పిలుస్తున్నది వాళ్ళమ్మ పేరుతో అన్నమాట! ముందు నాకు భలే సంతోషం వేసింది. ఆ కుటుంబం సంగతి ఇంకాస్త చదివాక ఆ సంతోషం సగానికి తగ్గింది. ఎందుకో చెబుతాను.

స్పానిష్ వాళ్ళ లెక్క చాలా తేలిక. ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి. బిడ్డ పుట్టాక తండ్రి రెండు పేర్లలో మొదటిది, తల్లి రెండు పేర్లలో మొదటిది తీసి, అదే వరసలో పక్కపక్కన పెడతారు. పెళ్ళయినా ఆడవాళ్ళ పేరు మారదు. పుట్టినప్పుడు ఏ రెండు పేర్లు వచ్చాయో పోయేదాకా అవే. ఇంటిపేరు మార్పించుకోవడానికి పెళ్ళి సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకుల చుట్టూ తిరిగే పని వాళ్ళకి లేదు.

ఇప్పుడు ఆయన ఇంట్లోకే వెళ్దాం. వాళ్ళమ్మ పేరు లూయిసా శాంతియాగా మార్క్వెజ్ ఇగ్వరాన్. మార్క్వెజ్ ఆవిడ తండ్రి నుంచి వచ్చింది, ఇగ్వరాన్ ఆవిడ తల్లి త్రాంకిలీనా నుంచి వచ్చింది. 1927లో కొడుకు పుట్టినప్పుడు లూయిసా తన రెండు పేర్లలో మొదటిదే ఇచ్చింది. అలా బిడ్డ గార్సియా మార్క్వెజ్ అయ్యాడు. అమ్మమ్మ పేరు ఇగ్వరాన్ అక్కడితో ఆగిపోయింది. 1958లో ఆయన మెర్సిడెస్ బార్చా పార్దోని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ చివరిదాకా బార్చాగానే ఉంది. వాళ్ళకి ఇద్దరు కొడుకులు, రోద్రిగో గార్సియా బార్చా, గొంజాలో గార్సియా బార్చా. చూశారా, ప్రపంచమంతా తెలిసిన మార్క్వెజ్ అన్న పేరు ఆయన సొంత కొడుకులకే రాలేదు. పెద్దబ్బాయి సినిమా దర్శకుడు, అందరికీ రోద్రిగో గార్సియాగానే తెలుసు.

కిటుకంతా అక్కడే ఉంది. అమ్మ పేరు బిడ్డ దాకా వస్తుంది, మనవడి దాకా రాదు. ప్రతి మనిషీ ముందుకు పంపేది తన మొదటి పేరునే. ఆ మొదటి పేరు తండ్రి నుంచి వచ్చినది. తల్లి ఇచ్చే పేరు కూడా నిజానికి ఆవిడ తండ్రి పేరే. మార్క్వెజ్ అంటే లూయిసా తండ్రి పేరు కదా. పైకి అమ్మకి సగం, నాన్నకి సగం అన్నట్టు కనిపిస్తుంది కానీ, లోపల రెండు తాతల పేర్లు పక్కపక్కన కూర్చుని ఉంటాయి. అమ్మమ్మకీ, నాన్నమ్మకీ అక్కడ చోటు లేదు.

అయితే ఈ ఇంట్లోనే ఒక నాన్నమ్మ ఆ లెక్కని తలకిందులు చేసింది. గబ్రియేల్ తండ్రి 1901లో పెళ్ళి కాని తల్లికి పుట్టాడు. కన్న తండ్రి ఇంటిపేరు మార్తీనెజ్, తల్లి పేరు అర్హెమీరా గార్సియా. పెళ్ళి లేదు కాబట్టి బిడ్డకి తల్లి పేరే మిగిలింది. ఆ రోజుల్లో అది గౌరవం కాదు, లోటు. రెండు పేర్లు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంటే, సంతకం చూసిన ప్రతివాడికీ సంగతి తెలిసిపోతుంది. ఆ పెళ్ళే జరిగి ఉంటే మనవడు మార్తీనెజ్ మార్క్వెజ్ అయ్యేవాడు. నోబెల్ బహుమతి పొందిన రచయిత పేరులో నాన్నగారి వైపు పేరనుకుంటున్న గార్సియా, నిజానికి ఏ ఆసరా లేని ఒక చిన్నవయసు తల్లి ఇచ్చిన పేరు.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఇంత బిగుతుగా ఏమీ లేదు. పాతకాలంలో స్పెయిన్‌లో ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకునేవారు. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు వేరువేరు ఇంటిపేర్లతో ఉండేవారు. 1561లో పుట్టిన కవి లూయిస్ దె గోంగోరా తండ్రిది అర్గోతె, తల్లిది గోంగోరా. ఆయన తల్లి పేరే ముందు పెట్టుకున్నాడు. చిత్రకారుడు వెలాస్కెజ్ కూడా తల్లి పేరుతోనే చరిత్రలో నిలిచాడు. తమకి రెండు వైపులా పెద్ద వంశాలే అని చూపించుకోవడానికి గొప్పింటివాళ్ళు రెండు పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. మెల్లగా అది మిగతావాళ్ళకీ పాకింది. 1870లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ప్రభుత్వమే నమోదు చేయాలని చట్టం వచ్చింది. రిజిస్టరులో రాయాలంటే ఒక వరస ఉండాలి కదా. నాన్న ముందు, అమ్మ తర్వాత అన్నది గట్టిపడింది. 1889 నాటి సివిల్ కోడ్‌లో కూడా బిడ్డలకి తండ్రి, తల్లి ఇద్దరి పేర్లూ పెట్టుకునే హక్కు ఉందని రాశారు. కానీ అది పెళ్ళయినవాళ్ళ బిడ్డలకే. అర్హెమీరా లాంటి తల్లుల బిడ్డలు ఆ మాట బయటే ఉండిపోయారు.

ఇంకో సంగతి. పిలుపుకి వాడే పేరూ, వారసత్వంగా పంపే పేరూ ఒకటే కావాలని లేదు. గార్సియా, రూయిజ్, రోద్రిగెజ్ లాంటి పేర్లు ఊరంతా ఉంటాయి. అలాంటప్పుడు గుర్తు కోసం తల్లి పేరుతో పిలుస్తారు. కవి గార్సియా లోర్కాని లోర్కా అనేది అందుకే. పికాసో తండ్రిది రూయిజ్, తల్లిది పికాసో. తల్లి పేరు అరుదుగా ఉండేది, బొమ్మల మీద ఆయన అదే సంతకం పెట్టాడు. అందుకే స్పానిష్ పేరు కనిపిస్తే చివరి మాట చూసి ఇంటిపేరు అనుకోకూడదు, దానికి ముందున్నది చూడాలి. మా అమ్మాయి లైబ్రరీలో పొరబడింది అక్కడే.

పోర్చుగీసు వాళ్ళ దగ్గరికి వస్తే వరస తిరగబడుతుంది. అక్కడ అమ్మ పేరు ముందు, నాన్న పేరు చివర. "ఆహా, అమ్మకే పెద్దపీట!" అనుకోకండి. వాళ్ళకి ముఖ్యమైనది చివరి పేరు. పిలిచేదీ, సాధారణంగా బిడ్డలకి పంపేదీ అదే. కవి ఫెర్నాందో పెసోవా పూర్తి పేరు ఫెర్నాందో ఆంతోనియో నొగైరా పెసోవా. నొగైరా అమ్మది, పెసోవా నాన్నది. ఆయన చిన్నప్పుడే నాన్న పోయాడు. అమ్మ రోజా అన్న ఇంటిపేరాయన్ని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళిలో పుట్టిన తమ్ముళ్ళు నొగైరా రోజా అయ్యారు. బయటివాళ్ళకి ఒకరు పెసోవా, ఇంకొకరు రోజా, సంబంధమే లేనట్టు ఉంటుంది. పూర్తి పేరు చదివితే మధ్యలో ఉన్న నొగైరా వీళ్ళు ఒక తల్లి బిడ్డలని చెప్పేస్తుంది. అమ్మ పేరు చేసే పని అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. వాకిట్లో కనిపించదు, ఇల్లంతా కలిపి ఉంచుతుంది.

స్పెయిన్‌లో ఆడవాళ్ళు దీన్ని ఊరికే వదిలేయలేదు. 1981లో, మేజరైన బిడ్డ తన పేర్ల వరస మార్చుకోవచ్చన్నారు. 1999లో, తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకుంటే అమ్మ పేరు ముందు పెట్టవచ్చన్నారు. మొదటి బిడ్డకి ఏ వరస పెడితే తర్వాత పుట్టేవాళ్ళకీ అదే. కానీ ఇద్దరికీ కుదరకపోతే? నాన్న పేరే ముందు. ఇద్దరూ ఒప్పుకోవాలి అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఒకరు వద్దంటే చాలు, పాత పద్ధతే గెలుస్తుంది.

2005లో ఒక స్పెయిన్ మహిళకి కూతురు పుట్టింది. బిడ్డ తండ్రితో అప్పటికే విడిపోయింది కాబట్టి తన రెండు పేర్లే పాపకి పెట్టుకుంది. మరుసటి ఏడాది అతను నేనే తండ్రిని అని కోర్టుకి వెళ్ళాడు. కోర్టు అతని పేరు ముందు, ఆవిడ పేరు తర్వాత రాయమంది. ఆవిడ స్పెయిన్ కోర్టులన్నీ దాటి యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళింది. 2021 అక్టోబరులో తీర్పు వచ్చింది. కుదరనప్పుడు దేనితోనూ నిమిత్తం లేకుండా తండ్రి పేరే ముందు పెట్టడం స్త్రీల పట్ల వివక్ష అని ఆ కోర్టు తేల్చింది. అప్పటికి పాపకి పదహారేళ్ళు. ఈలోగా 2017 నుంచి స్పెయిన్‌లో కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. ఇద్దరూ వరస చెప్పాలి, చెప్పకపోయినా కుదరకపోయినా మూడు రోజులు గడువిస్తారు, అప్పటికీ తేలకపోతే బిడ్డ మేలు చూసి రిజిస్ట్రారు నిర్ణయిస్తారు. నాన్నకి ఊరికే దక్కే మొదటి చోటు పోయింది.

మరి అమ్మమ్మ సంగతో? గార్సియా మార్క్వెజ్ ఆ పని ఇంకోలా చేశాడనిపిస్తుంది. "హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్"లో ఆ ఇంటిని నూరేళ్ళకు పైగా మోసే పెద్దావిడ పేరు ఉర్సులా ఇగ్వరాన్. తన పేరులోకి రాలేకపోయిన అమ్మమ్మ ఇంటిపేరు ఆయన నవలలో అలా బతికి ఉంది.

ఇదంతా విని మా అమ్మాయి నా పేరు స్పానిష్ పద్ధతిలో రాయమంది. నాన్న ఇంటిపేరు, తర్వాత అమ్మ పుట్టింటి పేరు, చకచకా రాసేశాను. "మరి అమ్మమ్మ వాళ్ళ అమ్మది?" అంది. పెన్ను ఆగిపోయింది. అమ్మకి ఫోన్ చేశాను. "ఇప్పుడెందుకే అది?" అని, కాసేపు ఆలోచించి చెప్పింది. చెప్పాక, "ఆ పేరు పలికి ఎన్నాళ్ళయిందో" అంది.